ప్యాకేజింగ్ సరఫరాదారుల స్కోర్‌కార్డు: 2024 ఏప్రిల్ నుంచి 2025 ఫిబ్రవరి వరకు

సమర్పణ: కొనుగోలు విభాగం, గుంటూరు యూనిట్
స్వీకర్తలు: మేనేజింగ్ డైరెక్టర్, ఉత్పత్తి, నాణ్యత, అకౌంట్స్ విభాగాధిపతులు
తేదీ: 10 మార్చి 2025
పరిశీలించిన వస్తువు: 300 గ్రాముల పచ్చడి గాజు సీసాలు 24 పట్టే, లోపల గళ్ల అడ్డుపట్టీలున్న ఐదు పొరల అట్టపెట్టె

ఆవకాయ సీజను మొదలయ్యేలోపు 2025-26 సంవత్సరానికి అట్టపెట్టెల ఆర్డర్లను ఎవరికి ఎంత పంచాలో నిర్ణయించడానికి ఈ స్కోర్‌కార్డును తయారుచేశాం. గడచిన పదకొండు నెలల్లో మనకు ఈ పెట్టెలు పంపినవారు నలుగురు. ఈ పత్రం ఇతర విభాగాలకూ వెళుతుంది కాబట్టి వారిని విజయవాడ ఆటోనగర్ యూనిట్, హైదరాబాద్ జీడిమెట్ల యూనిట్, శివకాశి యూనిట్, స్థానిక యూనిట్ అని మాత్రమే పేర్కొన్నాం. అంకెలన్నీ గేటు రిజిస్టరు, సరుకు తనిఖీ నివేదికలు, కొనుగోలు ఆర్డర్ల నుంచి తీసుకున్నవి. గోదాములో పెట్టెల నష్టం, సీజనులో సహకారం, పత్రాల క్రమం అనే మూడు అంశాలకు మాత్రం సంబంధిత విభాగాలు కలిసి కూర్చుని మార్కులు వేశాయి. మొత్తం వంద మార్కుల్లో ఇవి పదమూడు.

| అంశం | గరిష్ఠ మార్కులు | ఆటోనగర్ | జీడిమెట్ల | శివకాశి | స్థానిక |
|---|---|---|---|---|---|
| ధర | 30 | 29.0 | 28.9 | 29.7 | 30.0 |
| నాణ్యత | 30 | 27.7 | 29.3 | 24.6 | 22.5 |
| సరఫరా వ్యవధి | 20 | 19.0 | 15.0 | 9.0 | 20.0 |
| విశ్వసనీయత | 20 | 15.8 | 19.1 | 9.8 | 10.5 |
| మొత్తం | 100 | 91.5 | 92.3 | 73.1 | 83.0 |

ధర

కొటేషన్లలో అన్నిటికంటే తక్కువ ధర శివకాశిది: పెట్టెకు రూ.33.50. జీడిమెట్ల రూ.35.80, స్థానిక యూనిట్ రూ.36.00, ఆటోనగర్ రూ.37.20 కోట్ చేశాయి. అయితే ఈ నాలుగు ధరలూ ఒకే చోటి ధరలు కావు. ఆటోనగర్, స్థానిక యూనిట్లు మన గేటు దగ్గర దించేవరకు ఖర్చు తామే భరిస్తుండగా, జీడిమెట్ల సరుకుకు పెట్టెకు రూ.1.60, శివకాశి సరుకుకు రూ.2.90 లారీ కిరాయి మనమే కట్టుకుంటున్నాం. కిరాయి కలిపితే జీడిమెట్ల ధర రూ.37.40కి, శివకాశి ధర రూ.36.40కి చేరుతుంది. జీఎస్టీ మనకు ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగి వస్తుంది కనుక దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. గేటు ధరల్లో అతి తక్కువైన రూ.36.00ను ఒక్కో సరఫరాదారు గేటు ధరతో భాగించి, వచ్చినదాన్ని ముప్ఫైతో గుణించి మార్కులు ఇచ్చాం.

సమావేశాల్లో మనం ఎక్కువసేపు వాదించుకునేది ధర గురించే. కానీ ఈ అంశంలో మొదటివారికీ చివరివారికీ మధ్య తేడా 1.1 మార్కులు మాత్రమే. విశ్వసనీయతలో ఆ తేడా 9.3 మార్కులు. తిరస్కరించిన సరుకు వల్ల పడిన ఖర్చును ధరకు కలపాలని అకౌంట్స్ విభాగం సూచించింది. ఆ లోపానికి నాణ్యత కింద ఇప్పటికే మార్కులు తగ్గించినందున ఒకే తప్పుకు రెండుసార్లు కోత పడుతుందని భావించి ఆ సూచనను పాటించలేదు.

శివకాశి యూనిట్ 60 రోజుల అప్పు ఇస్తామంటోంది. ఈ సౌకర్యానికి మార్కులు ఇవ్వలేదు. ఆ యూనిట్ ఉద్యమ్ నమోదు ఉన్న చిన్న తరహా తయారీ సంస్థ. సూక్ష్మ, చిన్న సంస్థలకు రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులకు మించి చెల్లింపు ఆపకూడదని 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టంలోని 15వ సెక్షన్ చెబుతోంది. గడువు దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున చక్రవడ్డీ కట్టాలి. దీనికితోడు ఆదాయపు పన్ను చట్టం 43బి(హెచ్) ప్రకారం, గడువు దాటిన బకాయిని చెల్లించిన సంవత్సరంలోనే ఖర్చుగా చూపుకోగలం. సరఫరాదారు ఎంత మనస్ఫూర్తిగా ఇచ్చినా 60 రోజుల అప్పు మనకు అక్కరకు వచ్చేది కాదు.

నాణ్యత

ఈ అంశంలో 15 మార్కులు లాట్ల ఆమోదానికి, 10 పరీక్షల ఫలితాలకు, 5 గోదాములోనూ రవాణాలోనూ పెట్టెలు తట్టుకున్న తీరుకు కేటాయించాం. ప్రతి లాట్ నుంచి నమూనాలు తీసి బర్స్టింగ్ స్ట్రెంత్, కంప్రెషన్, తేమ అనే మూడు పరీక్షలు చేస్తున్నాం. మన స్పెసిఫికేషన్ ప్రకారం బర్స్టింగ్ స్ట్రెంత్ చదరపు సెంటీమీటరుకు 11 కిలోలకు, కంప్రెషన్ 250 కిలోలకు తగ్గకూడదు. తేమ 10 శాతం దాటకూడదు. నిండిన పెట్టె సుమారు 12 కిలోలు ఉంటుంది. గోదాములో ఆరు వరుసలు పేరిస్తే అడుగు పెట్టెపై 60 కిలోల బరువు పడుతుంది. వానాకాలపు తేమకు, లారీ కుదుపులకు, నెలల తరబడి నిల్వకు అట్ట బలం తగ్గుతుంది కాబట్టి ఆ బరువుకు నాలుగు రెట్ల పైచిలుకు పరిమితిగా పెట్టుకున్నాం.

జీడిమెట్ల నుంచి వచ్చిన 15 లాట్లలో ఒక్కటీ తిరస్కరణకు గురికాలేదు. 45 పరీక్షల్లో 44 నెగ్గాయి. ఆటోనగర్ 24 లాట్లలో ఒకటి తిరిగి వెళ్లింది. 72 పరీక్షల్లో 67 నెగ్గాయి. అక్కడ నెగ్గని అయిదూ జూలై, అక్టోబరు నెలల మధ్య తేమ పరీక్షలే. అంటే కాగితంలోనో అతికింపులోనో లోపం లేదనీ, తయారైన పెట్టెలను ఆరబెట్టడంలో, టార్పాలిన్ కప్పి పంపడంలో మాత్రమే అశ్రద్ధ ఉందనీ నాణ్యత విభాగం అభిప్రాయపడింది. ఇది సరిదిద్దగల లోపం.

స్థానిక యూనిట్ విషయం అలా లేదు. 12 లాట్లలో రెండు తిరస్కరించాం, 36 పరీక్షల్లో తొమ్మిది విఫలమయ్యాయి, వాటిలో నాలుగు వేర్వేరు లాట్ల బర్స్టింగ్ స్ట్రెంత్ పరీక్షలు. అనుమానం వచ్చి ఒక లాట్ పెట్టెను నానబెట్టి పొరలు విడదీసి, ఆరబెట్టి తూచగా, 150 జీఎస్ఎం అని బిల్లులో రాసిన క్రాఫ్ట్ కాగితం 128 జీఎస్ఎం మాత్రమే తూగింది. రూ.36.00 ధర ఎలా సాధ్యమైందో దీంతో అర్థమైంది. గాజు సీసాల పెట్టెల విషయంలో, ఏడాదిలో రెండుకు మించిన లాట్లు బలం పరీక్షలో తప్పితే మొత్తం మార్కులతో నిమిత్తం లేకుండా ఆ సరఫరాదారును పక్కనపెట్టాలన్నది మన నిబంధన. అందువల్ల 83.0 మార్కులు వచ్చినా స్థానిక యూనిట్‌కు సీసాల పెట్టెల ఆర్డరు ఇవ్వరాదని సిఫారసు చేస్తున్నాం.

శివకాశి ముద్రణ నాణ్యతకు వంక పెట్టలేం. తొమ్మిది లాట్లలో తిరస్కరించిన రెండూ నవంబరు, డిసెంబరు వానల్లో దారి పొడవునా తడిసి వచ్చినవి.

సరఫరా వ్యవధి

ఆర్డరు ఇచ్చిన రోజు నుంచి సరుకు గేటు దాటే రోజు వరకు సగటున అయిదు రోజులు లేదా అంతకంటే తక్కువ పడితే 20 మార్కులు, ఆపైన ప్రతి రోజుకూ ఒక మార్కు కోత. స్థానిక యూనిట్‌కు 4 రోజులు, ఆటోనగర్‌కు 6, జీడిమెట్లకు 10, శివకాశికి 16 రోజులు పట్టాయి. శివకాశి ఒప్పుకున్న వ్యవధి 12 రోజులు.

విశ్వసనీయత

ఒప్పుకున్న తేదీకి ఒక రోజు సడలింపుతో, ఆర్డరులో కనీసం 95 శాతం పరిమాణం చేరితేనే సమయానికి వచ్చినట్లు పరిగణించాం. దీనికి 12 మార్కులు. ఆవకాయ సీజనులో పూర్తి పరిమాణం ఇచ్చినందుకు 5, ఈ-వే బిల్లులు, ఫిర్యాదులకు స్పందన వంటివాటికి 3 మార్కులు ఉన్నాయి.

2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు వరద విజయవాడను ముంచెత్తి, హైదరాబాద్ జాతీయ రహదారిపై రాకపోకలు నిలిచిపోయినప్పుడు ఆలస్యమైన ఆటోనగర్ లోడ్లు రెండింటినీ, జీడిమెట్ల లోడు ఒకదాన్నీ ఈ లెక్కలోనూ సగటు వ్యవధి లెక్కలోనూ చేర్చలేదు. అలాంటి వారంలో ఆలస్యానికి సరఫరాదారును తప్పుపట్టడం న్యాయం కాదు. సమయపాలన మార్కుల్లో వాటిని కలిపి చూసినా ఆటోనగర్ మొత్తం 90.7కు, జీడిమెట్ల మొత్తం 91.6కు తగ్గుతాయే తప్ప క్రమం మారదు.

మిగిలిన లోడ్లలో జీడిమెట్ల 14కు 13, ఆటోనగర్ 22కు 17, స్థానిక యూనిట్ 12కు 8, శివకాశి 9కి 4 సమయానికి పంపాయి. జీడిమెట్ల యూనిట్ పది రోజులు అడుగుతుంది, పదో రోజుకు సరుకు దించుతుంది. ఆటోనగర్ అయిదు రోజులు చెప్పి కొన్నిసార్లు ఎనిమిదో రోజుకు పంపుతుంది. ముందే తెలిసిన పది రోజులకు ఉత్పత్తి ప్రణాళిక వేసుకోవచ్చు కానీ, ఎప్పుడు ఎనిమిదవుతుందో తెలియని అయిదు రోజులను నమ్ముకుని సీసాలు నింపే లైను నడపలేమని ఉత్పత్తి విభాగం చెప్పిన మాటతో ఏకీభవిస్తున్నాం. మే నెలలో స్థానిక యూనిట్ మనం అడిగినదాంట్లో సగం కూడా ఇవ్వలేకపోయింది. మరుసటి రోజే పెట్టెలు కావలసి వచ్చిన రెండు సందర్భాల్లో ఆదుకున్నది ఆటోనగరే అన్న సంగతి కూడా నమోదు చేయడం ధర్మం.

మార్కులను ఎలా చదవాలి

జీడిమెట్ల, ఆటోనగర్ మధ్య తేడా 0.8 మార్కు. మా అంచనాతో వేసిన పదమూడు మార్కుల్లో ఒకటి అటూ ఇటూ అయితే ఈ క్రమం తలకిందులవుతుంది కనుక ఒకరిని గెలిచినట్లు, మరొకరిని ఓడినట్లు చూడరాదు. ధరకు 50, నాణ్యతకు 20, మిగిలిన రెండింటికి చెరి 15 మార్కులు పెట్టి మళ్లీ లెక్కించినా జీడిమెట్ల 93.2, ఆటోనగర్ 93.0, స్థానిక 87.9, శివకాశి 80.0తో అదే వరుస వచ్చింది.

సిఫారసులు

సీసాల పెట్టెల్లో 55 శాతం జీడిమెట్లకు, 45 శాతం ఆటోనగర్‌కు ఇవ్వాలి. నెలవారీ ప్రణాళికలో ఖాయంగా తేలే పరిమాణాన్ని జీడిమెట్లకు ముందుగానే షెడ్యూలుగా పంపి, వారం వారం మారే అవసరాన్ని ఆటోనగర్‌కు వదలాలి. సీజనులో రోజుకు 1,200 పెట్టెలు వాడతాం కాబట్టి ఏప్రిల్ నుంచి జూన్ వరకు 15 రోజులకు సరిపడే 18,000 పెట్టెల నిల్వ ఉంచాలి. జూలై నుంచి ఆ నిల్వను వారానికి కుదించాలి. మన గోదాములో వానాకాలం ఎక్కువ రోజులున్న పెట్టె ఎవరు తయారుచేసినదైనా మెత్తబడుతుంది.

ఆటోనగర్‌తో కొత్త ఒప్పందంలో జూలై, అక్టోబరు నెలల మధ్య ప్రతి లోడుతో తేమ పరీక్ష నివేదిక జతచేయాలనీ, ఒప్పుకునే వ్యవధి ఏడు రోజులుగా ఉండాలనీ రాయాలి. తీరని మాట ఇవ్వడం కంటే ఏడు రోజులని చెప్పి నిలబెట్టుకోవడమే వారికీ మనకూ మేలు. ఇద్దరితోనూ ధరను క్రాఫ్ట్ కాగితం ధరతో ముడిపెట్టి మూడు నెలలకోసారి సమీక్షించాలి.

శివకాశికి సీసాల పెట్టెలు ఆపి, దసరా, దీపావళి కానుక డబ్బాల ముద్రణ పని మాత్రం ఇవ్వాలి. ఆ ఆర్డరు జూలై 15 లోపు వెళ్లాలి. స్థానిక యూనిట్‌కు కారం, పసుపు పొట్లాల మూడు పొరల పెట్టెలకు మూడు లాట్ల ప్రయోగాత్మక ఆర్డరు ఇచ్చి, ప్రతి లాట్‌లో కాగితం జీఎస్ఎం తూచాలి. ఒక్కదానిలో తేడా వచ్చినా సరఫరాదారుల జాబితా నుంచి పేరు తొలగించాలి.

ఈ సిఫారసులపై మార్చి 17 లోపు ఆమోదం లభిస్తే జీడిమెట్లకు ఏప్రిల్ మొదటి షెడ్యూలు మార్చి 20న పంపగలం. తదుపరి సమీక్ష సీజను అంకెలతో జూలై మొదటి వారంలో జరుగుతుంది.