బాబాయ్ చేతికి వాచీ కొనే ముందు తీసుకోవాల్సిన కొలతలు

శిరీషా, నువ్వు పంపిన రెండు వాచీలూ, 38దీ 44దీ, చూశాను. రెండూ బాగున్నాయి. కానీ "నాన్నది పెద్ద చెయ్యి కదా, 44 తీసుకుంటే సరిపోతుందిగా" అన్నావే, అక్కడే ఆగు. 44 మిల్లీమీటర్లన్నది కేస్, అంటే వాచీ డబ్బా, అడ్డం కొలత మాత్రమే. చేతి మీద వాచీ కుదురుగా కూర్చుంటుందా లేదా అన్నది దాంతో తేలదు. రిటైర్మెంట్ రోజున నలుగురిలో పెట్టుకుని, ఆ తర్వాత రోజూ పెట్టుకునే వాచీ ఇది, అందుకే కొలతలు సరిగ్గా తీసుకుని ఆర్డర్ పెడదాం. నువ్వు పూణేలో ఉన్నావు కాబట్టి తెనాలిలో కొలవాల్సింది పిన్నే, ఈ మెసేజ్ అలాగే ఆవిడకి పంపేయ్. మొత్తం కలిపి పది నిమిషాల పని.

కావాల్సినవి: కొలత టేపు, గట్టి ప్లాస్టిక్ స్కేలు, పెన్ను. టేపు లేకపోతే న్యూస్ పేపర్ అంచు నుంచి వేలెడు వెడల్పున ఒక పట్టీ కత్తిరిస్తే చాలు. దారం మాత్రం వద్దు పిన్నీ, లాగితే సాగుతుంది, వదిలితే ముడుచుకుంటుంది, కొలిచిన ప్రతిసారీ వేరే లెక్క వస్తుంది. ఇంట్లో టైలర్ టేపు పాతదైతే దాని మొదట ఉండే ఇత్తడి ముక్క కాస్త వదులై ఉంటుంది, అందుకని 10 సెంటీమీటర్ల గీత దగ్గర మొదలుపెట్టి చివర్లో 10 తీసేయండి.

కొలిచే వేళ సాయంత్రం అయితే మంచిది. పొద్దున లేవగానే చెయ్యి సన్నగా ఉంటుంది, ఎండలో తిరిగొచ్చాక ఉబ్బుతుంది, కొందరికి ఈ తేడా అర సెంటీమీటరు దాకా వస్తుంది. అసలే మన వైపు ఎండలు. పొద్దున కొలతకి బెల్టు బిగిస్తే మధ్యాహ్నానికి చేతి మీద అచ్చు పడుతుంది.

మొదటి కొలత మణికట్టు చుట్టూ. చిటికెన వేలు వైపు పైకి పొడుచుకొచ్చి ఒక ఎముక ఉంటుంది చూడండి, కొందరు వాచీ దానికి ఇవతల, అరచేతి వైపు పెట్టుకుంటారు, కొందరు దానికి అవతల, మోచేతి వైపు. బాబాయ్ ఎక్కడ పెట్టుకుంటారో అక్కడే కొలవాలి. ఇన్నేళ్లుగా వాచీ పెట్టుకున్న చెయ్యి కాబట్టి అక్కడ చర్మం కాస్త తెల్లగా ఉంటుంది, అడగాల్సిన పని కూడా లేదు. పిడికిలి బిగించకుండా చెయ్యి వదులుగా పెట్టమనండి. టేపు చర్మానికి ఆనాలి, నొక్కకూడదు.

రెండోది ముంజేయి. దీన్ని దాదాపు ఎవరూ కొలవరు, తర్వాత వచ్చే ఇబ్బందుల్లో సగం ఇక్కడివే. ఇందాక కొలిచిన చోటు నుంచి మోచేతి వైపు 5 సెంటీమీటర్లు వెళ్లి అక్కడ చుట్టూ మళ్లీ కొలవండి. రెండు కొలతల మధ్య తేడా 3 సెంటీమీటర్లో అంతకన్నా ఎక్కువో ఉంటే చెయ్యి గరాటులా వెడల్పవుతోందన్న మాట. అలాంటి చేతి మీద బెల్టు బిగిస్తే వాచీ సన్నటి వైపుకే, అంటే అరచేతి వైపుకి జారుతూ ఉంటుంది, చెయ్యి వెనక్కి వంచినప్పుడల్లా కీ తిప్పే బొడిపె పోయి చేతి వెనక గుచ్చుకుంటుంది. వీళ్లకి మందమైన, బరువైన కేస్ పనికిరాదు. తేడా ఒకటిన్నర సెంటీమీటర్ల లోపే ఉంటే అది సన్నటి, పొడుగాటి చెయ్యి. అక్కడ వదులు బెల్టు కట్టి చెయ్యి పైకెత్తితే వాచీ ముంజేతి మధ్యకి పోతుంది, కాబట్టి బెల్టు రంధ్రాలు దగ్గర దగ్గరగా ఉన్నది చూసుకోవాలి.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం: మణికట్టు పైభాగం చదును ఎంత. చెయ్యి బల్ల మీద బోర్లా పెట్టించి, స్కేలు అంచుని వాచీ వచ్చే చోట అడ్డంగా ఆనించండి. మధ్యలో స్కేలు చర్మానికి తగులుతుంది, రెండు చివర్లా చర్మం కిందికి వంగిపోయి సందు కనిపిస్తుంది. ఆ వంపు మొదలయ్యే రెండు చోట్లా పెన్నుతో చుక్క పెట్టి, మధ్య దూరం మిల్లీమీటర్లలో రాయండి. అలాగే చేతికి అటూ ఇటూ రెండు లావుపాటి పుస్తకాలు నిలబెట్టి చర్మానికి ఆనించి, వాటి మధ్య దూరం కూడా కొలవండి, అది మొత్తం వెడల్పు. ఇంత ఎందుకంటే, ఇద్దరికీ మణికట్టు చుట్టుకొలత 17 సెంటీమీటర్లే ఉండొచ్చు, కానీ ఒకరిది 62 మిల్లీమీటర్ల వెడల్పూ 45 మందమూ ఉన్న పలక చెయ్యి, ఇంకొకరిది 56 వెడల్పూ 52 మందమూ ఉన్న గుండ్రటి చెయ్యి. మొదటివారికి నప్పిన వాచీ రెండోవారి చేతి మీద రెండు వైపులా గాల్లో తేలుతుంది. ఇంటర్నెట్‌లో కనిపించే "16 నుంచి 17 సెంటీమీటర్లయితే 36 నుంచి 40 కేస్" లాంటి పట్టికలు ఈ తేడా చూడవు, వాటిని సుమారు లెక్కగా పెట్టుకో, అంతే.

ఇప్పుడు వాచీ వైపు చూద్దాం. ప్రొడక్ట్ పేజీలో కేస్ సైజు పెద్ద అక్షరాలతో ఉంటుంది, నువ్వు వెతకాల్సింది లగ్ టు లగ్. కేస్‌కి పైనా కిందా బెల్టు తగిలించే కొమ్ములు ఉంటాయి కదా, ఆ చివర నుంచి ఈ చివరకి దూరం. చేతికి అడ్డంగా పరుచుకునేది ఈ కొలతే. ఇది చదును దాటకూడదు, దాటితే కొమ్ముల కింద సందు పడి బెల్టు నిట్టనిలువుగా కిందికి దిగుతుంది, చిన్నపిల్లాడు పెద్దవాళ్ల వాచీ పెట్టుకున్నట్టు ఉంటుంది. కేస్ కొలత చూసి మోసపోకూడదనడానికి సీకో ఎస్‌కేఎక్స్007 మంచి ఉదాహరణ: కేస్ 42 మిల్లీమీటర్ల పైమాటే, కానీ కొమ్ములు పొట్టివి, లగ్ టు లగ్ 46 దగ్గరే, అందుకే మామూలు చేతుల మీద కూడా చక్కగా కూర్చుంటుంది. అదే 40 కేస్ ఉండి పొడుగు కొమ్ములతో 49, 50 దాకా వెళ్లేవీ ఉన్నాయి. చైన్ కేస్‌లోంచే మొదలయ్యే మోడల్స్‌తో ఇంకో చిక్కు, మొదటి లింకు సరిగ్గా వంగదు, కాబట్టి దాన్ని కూడా లగ్ టు లగ్‌లో కలిపి లెక్కేసుకోవాలి. స్మార్ట్ వాచీల మీద రాసే 41, 45 లాంటి నంబర్లు చాలా వరకు నిలువు కొలతలు, వాటిని గుండ్రటి వాచీ నంబరుతో పోల్చొద్దు.

పోయిన ఆదివారం తెనాలి వెళ్లినప్పుడు బాబాయ్ చెయ్యి నేనొకసారి ఉజ్జాయింపుగా చూశాను: మణికట్టు 17.4 సెంటీమీటర్లు, ముంజేయి 20.6 సెంటీమీటర్లు, చదును 47 మిల్లీమీటర్లు. పిన్ని కొలిచేవి కూడా ఇంచుమించు ఇలాగే వస్తే లెక్క ఇది. నువ్వు చూపించిన 44 వాచీకి లగ్ టు లగ్ 51, చదునుకన్నా 4 మిల్లీమీటర్లు ఎక్కువ, అంటే రెండు పక్కలా రెండేసి మిల్లీమీటర్లు బయటికి. పైగా దాని మందం 13.5 మిల్లీమీటర్లు, ముంజేయి తేడా 3.2 సెంటీమీటర్లు ఉంది, ఇందాక చెప్పినట్టు కిందికి జారే చెయ్యి, బాబాయ్ వేసేవన్నీ ఫుల్ హ్యాండ్స్ చొక్కాలు, కఫ్ దాని మీదికి రానే రాదు. 38 వాచీకి లగ్ టు లగ్ 45, మందం 9. చదునులో ఇమిడిపోతుంది, కఫ్ కిందికి దూరుతుంది. "38 అంటే ఆడవాళ్ల వాచీలా ఉండదా" అని నీకు అనిపించొచ్చు. ఇన్నాళ్లూ ఆయన పెట్టుకున్న హెచ్ఎంటీ జనతా 35 మిల్లీమీటర్లే కదా. దాని పక్కన 38 కొంచెం పెద్దదిగానే కనిపిస్తుంది.

బెల్టు పొడవు. పేజీలో 115/75 అని ఉంటే రంధ్రాల ముక్క 115 మిల్లీమీటర్లు, బకిల్ ముక్క 75, బకిల్ ఇనుము ఇందులో కలవదు. 120/75 కూడా మామూలు సైజే, 105/65 లాంటివి పొట్టి, 130/80 పొడుగు. బాబాయ్‌కి లెక్కేద్దాం: మణికట్టు 174 మిల్లీమీటర్లు, తోలు మందానికీ గాలి ఆడటానికీ ఇంకో 9 కలుపు, 183. ఇందులోంచి వాచీ మీద బెల్టుని కొమ్ములకి పట్టి ఉంచే సన్న పుల్లలు, రెండు స్ప్రింగ్ బార్ల మధ్య దూరం తియ్యి, లగ్ టు లగ్‌కి 5 తక్కువ వేసుకుంటే 40. బకిల్ ముక్క 75 తియ్యి. మిగిలింది 68. అంటే కేస్ వైపు నుంచి 68 మిల్లీమీటర్ల దగ్గర రంధ్రం కావాలి. 115 ముక్కలో రంధ్రాలు సుమారుగా 45 నుంచి 85 మధ్యలో ఉంటాయి కాబట్టి నడిమి రంధ్రం పడుతుంది, అదే మనకి కావాల్సింది, ఎండాకాలం ఒకటి వదులు చేసుకోవచ్చు, చలికాలం ఒకటి బిగించుకోవచ్చు. ఇదే లెక్క 44 వాచీకి వేస్తే 62 వస్తుంది, అదీ పడుతుంది. బెల్టు పట్టింది కదా అని కేస్ నప్పినట్టు కాదు, గుర్తుపెట్టుకో.

ఈ లెక్కంతా సరిచూసుకోవడానికి ఒక మంచి దారి ఉంది. జనతాకి ఇప్పుడున్న చైన్ వేయించకముందు వాడిన తోలు బెల్టు బాబాయ్ బీరువాలో ఉంది, ఆయన ఏదీ పారేయరు. పిన్నీ, దాన్ని బల్ల మీద చాపి రంధ్రాలు చూడండి. ఒక రంధ్రం మాత్రం కోడిగుడ్డు ఆకారంలో సాగి, దాని దగ్గర తోలు మీద బకిల్ గీత పడి ఉంటుంది. ఆ రంధ్రం నుంచి కేస్ వైపు చివరకి ఎంతో, బకిల్ ముక్క ఎంతో విడివిడిగా కొలిచి పంపండి. టేపు చెప్పిందానికీ బెల్టు చెప్పిందానికీ తేడా వస్తే నేను బెల్టునే నమ్ముతాను, అది ఆయన చేతి మీద ఏళ్ల తరబడి ఉంది.

బెల్టు వెడల్పు విషయంలో సర్దుబాటు కుదరదు. 38 వాచీకి కొమ్ముల మధ్య 20 మిల్లీమీటర్లు, బెల్టు 20దే ఉండాలి. జనతా బెల్టు 18ది, దాన్ని దీనికి వేస్తే పక్కన సందు పడుతుంది. 22ది నలిపి దూర్చినా అంచులు చిరుగుతాయి.

చైన్ ఉన్న మోడల్ తీసుకుంటే చుట్టుకొలత లెక్కలు అక్కర్లేదు, లింకులు షాపులో తీయిస్తారు. రెండు వైపులా వీలైనంత సమానంగా తీయించాలి, లేకపోతే చైన్ మూసే క్లాస్ప్ చేతి కింద మధ్యలో ఉండకుండా పక్కకి పోతుంది. పెట్టుకున్నాక చిటికెన వేలు లోపలికి దూరితే చాలు. తీసిన లింకులు అడిగి వెనక్కి తీసుకోండి, ఒళ్లు చేస్తే మళ్లీ కావాలి.

ఆర్డర్ పెట్టే ముందు ఒక్క పని. పెళ్లి కార్డు అట్ట మీద 38 మిల్లీమీటర్ల గుండ్రం గీసి, పైనా కిందా కొమ్ములు కలిపి మొత్తం 45 వచ్చేట్టు కత్తిరించమను. అలాగే 44, 51తో ఇంకోటి. రెండూ బాబాయ్ చేతి మీద ఒకదాని తర్వాత ఒకటి పెట్టి, బీరువా అద్దం ముందు నిలబెట్టి మీటరు దూరం నుంచి ఫోటో తీయమను. ఫోన్ చేతి దగ్గరగా పెట్టి తీస్తే ఏ వాచీ అయినా ఉన్నదానికన్నా పెద్దగా కనిపిస్తుంది. సర్‌ప్రైజ్ పోతుందని పిన్ని అంటే బాబాయ్ మధ్యాహ్నం పడుకున్నప్పుడు అట్టలు పెట్టి చూడొచ్చు, అద్దం లేకపోయినా పైనుంచి నిలబడి తీస్తే సరిపోతుంది.

ఆరు నంబర్లు, రెండు ఫోటోలు శనివారం లోపు పంపండి. చదును 45కి తగ్గకపోతే 38దే, 115/75 నల్ల తోలు బెల్టుతో ఆర్డర్ పెట్టేయ్. తగ్గితే ఆగు, అదే కంపెనీలో 36 మోడల్ ఉంది, దాని లగ్ టు లగ్ చూసి చెప్తాను.