పన్నెండో తేదీ గురించి

17వ తేదీ, బుధవారం

ప్రియ నేస్తమా,

ఈ నెల 12న నీ పుట్టినరోజు. నేను మరిచిపోయాను. నిన్న సాయంత్రం ఒక దరఖాస్తు మీద తేదీ వేస్తూ 16 అని రాసిన తర్వాతగాని నాకు ఆ సంగతి తట్టలేదు. కలం అక్కడే ఆగిపోయింది.

మరిచిపోవడం ఒక్కటే అయితే ఇంత పొడుగు ఉత్తరం రాయవలసిన పని ఉండేది కాదు. ఆ రోజు సాయంత్రం నీకు ఫోన్ చేసింది నేనే. ఆఫీసులో నాకూ పై అధికారికీ జరిగిన వాగ్వాదాన్ని అరగంటసేపు, చెప్పిందే మళ్ళీ చెబుతూ, నీ ముందు ఏకరువు పెట్టాను. నువ్వు ఓపికగా విన్నావు, నాలుగు మంచి మాటలు చెప్పావు. చివర్లో "ఇంకేమైనా చెప్పాలా?" అని అడిగి ఒక్క క్షణం ఆగావు. నేను "ఏమీ లేదు, ఉంటాను" అని పెట్టేశాను. ఆ క్షణంలో నువ్వు దేనికోసం ఆగావో నాకు నాలుగు రోజుల తర్వాత అర్థమైంది. నిన్నటి నుంచి నా చెవిలో ఆ ప్రశ్నే వినిపిస్తోంది.

పని ఒత్తిడి ఉన్న మాట నిజమేగాని, దాన్ని కారణంగా నీ ముందు పెట్టదలచుకోలేదు. నీకున్న పనిలో సగం కూడా నాకు లేదు. అయినా మన పరిచయమైన ఈ పంతొమ్మిదేళ్ళలో నా పుట్టినరోజున ఉదయం మొదటి ఫోన్ నీదే. పిన్ని మంచం పట్టిన ఈ ఏడాది కూడా నువ్వు తప్పలేదు. తప్పు నాది. నా గోడు చెప్పుకోవడానికి నువ్వు గుర్తొచ్చావు, నీ రోజు మాత్రం గుర్తు రాలేదు. నన్ను ఎక్కువగా సిగ్గుపడేలా చేస్తున్నది ఇదే. నన్ను క్షమించమని అడుగుతున్నాను.

బహుమతి ఒకటి కొని పంపుదామని మొదట అనుకున్న మాట దాచను. కానీ పోయిన నెల నువ్వు మాటల మధ్యలో "ఒక్క రాత్రి మధ్యలో లేవకుండా తెల్లవార్లూ నిద్రపోతే చాలు, ఇంకేమీ అక్కర్లేదు" అన్నావు. అప్పుడు నేను "అవునే, పాపం" అని ఊరుకున్నాను. అది ఊరుకోవలసిన మాట కాదు.

అందుకని 27, 28 తేదీలకు, అంటే వచ్చే వారం శని, ఆదివారాలకు, నేను మీ ఇంటికి వస్తాను. ఇరవయ్యారో తేదీ రాత్రికే చేరుకుంటాను. సోమవారం సెలవు కూడా అడిగి తీసుకున్నాను కాబట్టి తిరుగు ప్రయాణం గురించి తొందర లేదు. ఆ రెండు రోజులూ, మూడు రాత్రులూ పిన్నిని చూసుకునే బాధ్యత నాది. మా మామగారు ఎనిమిది నెలలు మంచం మీదే ఉన్నప్పుడు ఈ పని చేసినదాన్ని. రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం, ఒంటి కింద దుప్పటి ముడతలు పడకుండా సర్దడం, మడమల దగ్గర, నడుము కింద చర్మం కందిందేమో రోజూ చూడడం నాకు తెలుసు. తెలియనిది పిన్ని అలవాట్లు మాత్రమే. నువ్వు తలుపు వేసుకుని నిద్రపో. లేదా బయటికి వెళ్ళు, ఎక్కడికని నేను అడగను. నన్ను అతిథిలా చూసి నాకోసం వంట మొదలుపెట్టావో, వచ్చిన దానికి అర్థమే లేకుండా పోతుంది.

పిన్నికి కొత్త చేతులు ఇబ్బందిగా ఉంటాయని నీకు అనిపిస్తే మొహమాటపడకు. వద్దు అని ఒక్క మాట చెప్పు చాలు, నొచ్చుకోను. తేదీలు కుదరకపోతే నువ్వు చెప్పిన తేదీలకే వస్తాను. నేను వస్తున్నాను కదా అని నీ కోపాన్ని దిగమింగుకోనవసరం లేదు. వచ్చాక ఎదురుగా కూర్చోబెట్టి తిట్టినా వింటాను. ఈసారి వినే వంతు నాది.

ఆలస్యంగానే అయినా, మనస్ఫూర్తిగా, నీకు పుట్టినరోజు శుభాకాంక్షలు. 12న ఎలా గడిపావో, ఎవరైనా తోడున్నారో లేదో నాకు తెలియదు. చెప్పాలనిపిస్తే వచ్చినప్పుడు చెప్పు.

ఈలోగా ఒక కాగితం మీద పిన్ని మందుల వేళలు, డాక్టరు నంబరు, ఆమెకు ఏ పక్కకు తిరిగి పడుకుంటే హాయిగా ఉంటుందో రాసి మంచం దగ్గర పెట్టి ఉంచు.

నీ స్నేహితురాలు