పదో తరగతి యూనిట్ టెస్ట్: మారిన తేదీలు, సిలబస్ వివరాలు

ఖమ్మం, 11 సెప్టెంబర్ 2024

పదో తరగతి విద్యార్థులకు, వారి తల్లిదండ్రులకు

సెప్టెంబర్ 2 నుంచి 5 వరకు జరగాల్సి ఉండి, మున్నేరు వరద వల్ల ఆగిపోయిన యూనిట్ టెస్ట్‌ను ఈ నెల 23, సోమవారం నుంచి 26, గురువారం వరకు పెడుతున్నాం. ఆగస్టు 30, శుక్రవారం సాయంత్రం వరకు క్లాసులో చెప్పినవే పరీక్షలో వస్తాయి. వరద తర్వాత చెప్పినదేదీ రాదు.

ముందుగా ఒక గందరగోళం గురించి. పరీక్షలు 9వ తేదీన మొదలవుతాయని పోయిన వారం వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరిగింది. అది మా ఆఫీసు నుంచే వెళ్లింది, వేరెవరో పెట్టింది కాదు. నీళ్లు తీశాయి కదా, వారంలో అంతా సర్దుకుంటుందని అనుకున్నాం. తీరా వినాయక చవితి వెళ్లీ వెళ్లకముందే మున్నేరు మళ్లీ పెరిగింది. ఒడ్డున ఉన్న కాలనీలవాళ్లు ఇళ్లు కడుక్కోవడం కూడా పూర్తికాకుండానే మళ్లీ సామాను ఎత్తుకోవాల్సి వచ్చింది. ఆ తేదీ ప్రకటించడంలో మేం తొందరపడ్డాం. ఆ మెసేజ్‌ను దయచేసి ఇకపై ఎవరికీ పంపకండి. ఈ నోటీసులో ఉన్న తేదీలే అసలు తేదీలు.

23 సోమవారం గణితం, 24 మంగళవారం భౌతిక రసాయన శాస్త్రం, 25 బుధవారం జీవశాస్త్రం, 26 గురువారం సాంఘిక శాస్త్రం. రోజూ ఉదయం 10 గంటల నుంచి 11.30 వరకు, ఒక్కో పేపరు 40 మార్కులకు. తెలుగు, హిందీ, ఇంగ్లిష్ పరీక్షలు ఆగస్టు 28, 29, 30 తేదీల్లోనే అయిపోయాయి కాబట్టి వాటిని మళ్లీ రాయనక్కర్లేదు. అయితే బి సెక్షన్ ఇంగ్లిష్ జవాబు పత్రాలు ఆఫీసు గదిలో కింది బీరువాలో ఉండి తడిసిపోయాయి. చదవడానికి వీల్లేకుండా పోయినవి పదకొండు. ఆ పదకొండు మందికీ జులైలో జరిగిన టెస్ట్‌లో వచ్చిన ఇంగ్లిష్ మార్కులనే వేస్తున్నాం. అంతకంటే బాగా రాశామనుకునే వాళ్లు ఇంగ్లిష్ టీచర్‌ను కలిస్తే మళ్లీ రాసే వీలు కల్పిస్తారు. ఎవరినీ బలవంతం చేయం.

ఇక సిలబస్. ఫోన్ చేసిన తల్లిదండ్రుల్లో ఎక్కువమంది దీని గురించే అడిగారు. ఆగస్టు 31న వాన వల్ల క్లాసులో సగం మంది కూడా లేరు, అందుకే 30వ తేదీ దగ్గరే గీత గీశాం.

గణితంలో వాస్తవ సంఖ్యలు, సమితులు, బహుపదులు, రెండు చరరాశులలో రేఖీయ సమీకరణాల జత, ఈ నాలుగూ పూర్తిగా ఉంటాయి. వాస్తవ సంఖ్యల్లో సంవర్గమానాలు కూడా ఉన్నాయి, వదిలేయకండి. వర్గ సమీకరణాల పాఠం మాత్రం సగమే. కారణాంక పద్ధతిలో మూలాలు కనుక్కోవడం వరకు వస్తుంది. వర్గాన్ని పూర్తి చేసే పద్ధతి, సూత్రం, మూలాల స్వభావం రావు. ట్యూషన్‌లో శ్రేఢులు కూడా అయిపోయాయని కొందరు పిల్లలు చెప్పారు. మంచిదే, కానీ ఈ పరీక్షలో శ్రేఢుల నుంచి ప్రశ్న ఉండదు.

భౌతిక రసాయన శాస్త్రంలో వక్రతలాల వద్ద కాంతి పరావర్తనం, రసాయన చర్యలు-సమీకరణాలు. ఆమ్లాలు, క్షారాలు, లవణాల పాఠం మొదలుపెట్టాం గానీ ల్యాబ్‌లోకి నీళ్లు వచ్చి ప్రయోగాలు చేయలేకపోయాం, కాబట్టి అది లేదు. కిరణ చిత్రాలకు స్కేలు, పెన్సిల్ తెచ్చుకోండి. జీవశాస్త్రంలో పోషణ, శ్వాసక్రియ మాత్రమే. బొమ్మ గీసి భాగాలు గుర్తించే ప్రశ్న ఒకటి తప్పకుండా ఉంటుంది. సాంఘిక శాస్త్రంలో భారతదేశ భౌగోళిక స్వరూపాలు, అభివృద్ధి భావనలు, ఉత్పత్తి-ఉపాధి, శీతోష్ణస్థితి. మ్యాప్ మేమే ఇస్తాం. నదులు, నీటి వనరుల పాఠం ఇంకా మొదలే పెట్టలేదు. "మున్నేరు గురించి అడిగితే మేం బాగానే రాస్తాం టీచర్" అని ఒక అబ్బాయి అన్నాడు. అడగం నాన్నా, ఈసారికి వదిలేద్దాం.

పుస్తకాలు పోయినవాళ్లకు: పాఠ్యపుస్తకాల కోసం పేరు రాయించుకున్న వాళ్లకు శుక్రవారం నుంచి స్కూల్లో ఇస్తున్నాం. కొత్తవి అందరికీ సరిపోకపోతే పోయిన ఏడాది పిల్లలు ఇచ్చి వెళ్లినవి ఉన్నాయి. నోట్‌బుక్కులు పోయినవాళ్లు మొదటి నుంచి కాపీ చేస్తూ కూర్చోవద్దు. పై పాఠాల నోట్స్ జిరాక్స్ తీయించి క్లాస్ టీచర్ దగ్గర ఉంచుతాం. ఈ టెస్ట్‌కు నోట్స్ చూపించాలనే నియమం తీసేశాం. యూనిఫాం, బూట్లు లేకపోయినా ఫర్వాలేదు, ఉన్న బట్టలతో రండి. ఫీజు బాకీ ఉందని ఎవరినీ పరీక్షకు ఆపం.

18వ తేదీ బుధవారం నుంచి 21 శనివారం వరకు సాయంత్రం 4.15 నుంచి 5.30 దాకా డౌట్స్ క్లాసులు ఉంటాయి. మొదటి రెండు రోజులు గణితం, తర్వాత సైన్స్, ఆఖరి రోజు సాంఘికం. ఆటోల్లో వచ్చే పిల్లల తల్లిదండ్రులు డ్రైవర్లకు ఈ టైము ముందే చెప్పి ఉంచండి.

ఇల్లు ఇంకా బాగుపడక సూర్యాపేటలోనో వరంగల్‌లోనో బంధువుల ఇళ్లలో ఉన్న పిల్లలు కొందరున్నారు. వాళ్లు దీనికోసం హడావిడిగా ప్రయాణం చేయనక్కర్లేదు. దసరా సెలవులు మొదలయ్యేలోపు, 27, 28, 30 తేదీల్లో వాళ్లకు వేరే ప్రశ్నపత్రంతో, ఇదే సిలబస్‌తో పరీక్ష పెడతాం. 27న గణితం, 28న రెండు సైన్సులూ, 30న సాంఘికం. ఈ అవకాశం కావాలంటే 20వ తేదీలోపు క్లాస్ టీచర్‌కు ఒక్క ఫోన్ చేస్తే చాలు. ఉత్తరాలు, సర్టిఫికెట్లు ఏమీ అడగం. జ్వరాలతో ఉన్న పిల్లలకూ ఇదే వర్తిస్తుంది. జ్వరం ఉండగా మాత్ర వేసి పంపించకండి.

కింది అంతస్తు గదుల్లో ఇంకా తేమ వాసన పోలేదు, అందుకని పరీక్షలన్నీ మొదటి అంతస్తులోనే. మెట్ల దగ్గర బురద గీకించాం గానీ జారుతోంది, పరుగెత్తవద్దు. తాగే నీళ్లు ఇంటి నుంచి కాచి చల్లార్చినవి తెచ్చుకుంటే మంచిది.

మార్కుల టెన్షన్ పడుతున్న తల్లిదండ్రులకు ఒక మాట. ఇది మన స్కూలు సొంతంగా పెట్టుకునే టెస్ట్. పబ్లిక్ పరీక్షల్లో కలిసే 20 ఇంటర్నల్ మార్కులు ఫార్మేటివ్ అసెస్‌మెంట్ల నుంచి వస్తాయి, ఈ టెస్ట్ నుంచి కాదు. ఇక్కడ తక్కువ వస్తే పిల్లవాడు ఎక్కడ వెనకబడ్డాడో మాకు తెలుస్తుంది, అంతే. వరద వచ్చినప్పటి నుంచి పుస్తకం ముట్టుకోని పిల్లలు ఉన్నారని మాకు తెలుసు. దయచేసి ఇంట్లో ఈ పరీక్ష పేరుతో కోప్పడకండి.

మళ్లీ భారీ వర్షం వచ్చి కలెక్టర్ గారు సెలవు ప్రకటిస్తే ఆ రోజు పరీక్ష ఆగుతుంది, మిగతా రోజుల పరీక్షలు యథాతథంగా జరుగుతాయి. ఆగిన పేపరు 30వ తేదీ మధ్యాహ్నం ఉంటుంది. అలాంటి మార్పు ఏదైనా ఉంటే ఉదయం 7 గంటలలోపు క్లాస్ గ్రూపులో నేనే వాయిస్ మెసేజ్ పెడతాను. నా గొంతు వినిపిస్తేనే నమ్మండి. ఫోన్లు నీళ్లలో పాడైపోయినవాళ్ల కోసం గేటు దగ్గర బోర్డు మీద కూడా రాయిస్తాం.

అనుమానాలుంటే శనివారం తప్ప ఏ రోజైనా సాయంత్రం 3.30 తర్వాత ఆఫీసుకు వచ్చి నన్ను కలవవచ్చు.

ప్రధానోపాధ్యాయురాలు