సున్నపు గీత

ఎనిమిదిన్నర అయిందంటే యాదన్న టెన్నిస్ కోర్టు లైట్లు బంద్ చేస్తాడు. ఒక్క నిమిషం కూడా ఎక్కువ ఉంచడు. అందుకే ఎనిమిది దాటాక మా ఆటలో తొందర పెరుగుతుంది. బంతి తెచ్చుకోవడానికి కూడా పరుగెత్తుతాం.

ఆ రోజు ఎనిమిదీ ఇరవైకి నేను 6-5 మీద ఉన్నాను. సర్వీసు శ్రీకాంత్‌ది, గేమ్‌లో 30-40. ఇంకొక్క పాయింటు వస్తే సెట్ నాది. మేమిద్దరం హాస్టల్లో ఒకే గదిలో ఉండబట్టి రెండున్నరేళ్లు. ఇన్నాళ్లలో వాడి మీద నేను ఒక్క సెట్ కూడా గెలవలేదు. వాడిది మంథని. స్కూలు రోజుల నుంచే ఆడుతున్నాడు. జనగామ నుంచి వచ్చిన నాకు అప్పటిదాకా క్రికెట్ బ్యాటు తప్ప ఇంకోటి తెలియదు. రాకెట్ పట్టు ఎట్లా ఉండాలో, సర్వీసుకు బంతి ఎంత ఎత్తు వేయాలో అన్నీ నాకు నేర్పింది వాడే.

మాది మట్టి కోర్టు. సాయంత్రం యాదన్న నీళ్లు చల్లి, రోలర్ తిప్పి, తాడు కట్టుకుని సున్నంతో గీతలు వేస్తాడు. నాలుగు మూలలకు నాలుగు స్తంభాలు, ఒక్కోదానికి ఒక్కో పెద్ద లైటు. వాటిలో చెరువు వైపు మూలది సంక్రాంతి సెలవులకు ముందే పోయింది. సెలవులకు ఇంటికి వెళ్లి వచ్చినా అది అట్లాగే ఉంది. చీకటి పడితే ఆ మూల బంతి పసుపు రంగు పోయి బూడిద రంగులో కనిపిస్తుంది. ఆ పాయింటుకు శ్రీకాంత్ ఆ వైపే ఉన్నాడు.

వాడు సర్వీసు కొట్టాడు. బంతి సర్వీసు గీత మీదే పడింది, సున్నం లేచింది. నేను రెండు చేతులతో బ్యాక్‌హ్యాండ్ తిప్పాను. బంతి రాకెట్ మధ్యలో తగిలినప్పుడు చేతికి అసలు బరువే తెలియదు, అట్లాంటి దెబ్బ అది. బంతి నెట్ మీదుగా తక్కువ ఎత్తులో, పక్క గీత వెంబడే తిన్నగా వాడి కుడి వైపు మూలకు పోయింది. శ్రీకాంత్ మధ్యలో నుంచి ఆ మూలకు ఉరికాడు, రాకెట్ చాచాడు, అందలేదు. బంతి పడి, జారి, వెనక ఇనుప జాలికి తగిలింది.

నా చెయ్యి అప్పటికే గాల్లోకి లేచింది.

"ఔట్," అన్నాడు వాడు.

"ఏంది?"

"ఔట్ రా. డ్యూస్."

నేను నెట్ దాటి అటు పోయాను. మామూలుగా అయితే అట్లా పోను. మన వైపు పడ్డ బంతికి మనమే కాల్ చెప్పాలి, ఎదుటివాడు ఒప్పుకోవాలి. అంపైర్ లేని ఆటకు అదే ఆధారం. దానితో పాటు ఇంకో మాట కూడా ఉంది: ఏ మాత్రం అనుమానం ఉన్నా పాయింటు ఎదుటివాడికే ఇవ్వాలి. మొదటి ఏడాది ఇదే కోర్టులో, ఇదే గీత దగ్గర నిలబెట్టి, ఈ రెండు మాటలూ నాకు చెప్పింది శ్రీకాంతే. అందుకే నాకు అంత మండింది.

"గుర్తు చూపియ్," అన్నాను.

వాడు రాకెట్ చివరతో చూపించాడు. గీతకు బయట, రెండు వేళ్ల దూరంలో, తడి మట్టిలో ఒక గుంట. వంగి చూశాను. గుండ్రంగా, లోతుగా ఉంది.

"ఇది నాది కాదు. ఇది ఇందాక నేను ఎత్తి కొట్టిన లాబ్‌ది. పైనుంచి పడ్డ బంతికి గుండ్రటి గుర్తు పడ్తది. నేను ఇప్పుడు కొట్టింది ఫ్లాట్‌గ వచ్చింది, జారింది. దాని గుర్తు పొడుగ్గ ఉండాలె."

"మరి ఆ పొడుగు గుర్తేదో నువ్వే చూపియ్."

వెతికాను. గీత మీద సున్నం ఒకచోట చెదిరి ఉంది. కానీ అక్కడే వాడి బూటు జారిన గీరు కూడా ఉంది. బంతి చెదరగొట్టిందో బూటు చెదరగొట్టిందో ఆ వెలుతురులో తెలియలేదు. వాడు ఆగకుండా ఉరికి అదే చోట తొక్కాడు.

జాలి దగ్గరికి పోయి బంతి తెచ్చాను. ఒక పక్క నూగు మీద తెల్లటి మరక, బొటనవేలి గోరంత. వాడి ముఖం ముందు పెట్టాను.

"సున్నం. చూడు."

"నా సర్వీసు కూడా గీత మీదనే పడ్డది కద. సున్నం లేచింది. నువ్వే చూసినవ్."

అది నిజమే. ఆ నిజం నాకు ఇంకా కోపం తెప్పించింది.

"నేను గీత వెంబడి తిన్నగ చూస్తున్న శ్రీకాంత్. అడ్డంగ ఉరుకుతున్నోనికంటే గీత వెంబడి చూసేటోనికి బాగ తెలుస్తది. ఇది కూడ నువ్వే చెప్పినవ్."

"78 ఫీట్ల కోర్టు ఆ చివర నుంచి, లైటు లేని మూల, నీకు తెలిసిందా?"

"నీకు తెలిసిందా?"

వాడు వెంటనే జవాబు చెప్పలేదు. రాకెట్ తీగలు సర్దుకున్నాడు. తరువాత, "నువ్వే అన్నవ్ కదరా," అన్నాడు.

"ఏమన్న?"

"బంతి పోతుంటే 'అయ్యో' అన్నవ్."

"నేనా? నోరు తెరిస్తే ఒట్టు!"

అప్పుడే యాదన్న స్విచ్ బోర్డు దగ్గర నుంచి కేకేశాడు. "తమ్మీ, అయిపాయెనా? బంద్ చేస్తున్న."

"యాదన్నా, నువ్వు చూసినవా? ఇన్నా, ఔటా?" అని అడిగాను.

"నేను రోలర్ కాడ ఉన్న తమ్మీ, చూడలే. చూడంది ఎట్ల చెప్త?"

లైట్లు పోయాయి. కోర్టు ఒక్కసారి నల్లబడి, తరువాత మెల్లగా గీతలు తేలాయి. కాజీపేట వైపు నుంచి రైలు కూత వినిపించింది. నేను నా సంచి తీసుకుని, వాడి కోసం ఆగకుండా నడిచాను.

మెస్‌లో ఎదురెదురు బల్లల మీద తిన్నాం. పప్పుచారులో కలిపిన అన్నం ముద్ద గొంతు దిగలేదు. పక్క గది వాళ్లకు అప్పటికే తెలిసిపోయింది. "మీకు హాక్-ఐ పెట్టియ్యాలె బై," అన్నాడు ఒకడు. 2004 యూఎస్ ఓపెన్ క్వార్టర్స్‌లో కాప్రియాటీతో ఆడుతూ సెరెనా విలియమ్స్ తప్పుడు కాల్స్‌కు ఎట్లా నష్టపోయిందో, ఆ తరువాత రెండేళ్లకు అక్కడ కెమెరాలు ఎట్లా వచ్చాయో వాడు చెప్పుకుంటూ పోయాడు. ఇంకొకడు, మట్టి మీద కెమెరా ఎందుకు, ఫ్రెంచ్ ఓపెన్‌లో అంపైర్ కుర్చీ దిగి వచ్చి గుర్తు చూస్తడు కద, అన్నాడు. నేను ఒక్క మాట కూడా కలపలేదు. అంపైర్ వచ్చి చూడాల్సిన గుర్తు మీద శ్రీకాంత్ బూటు పడింది. అదీగాక, నాకు కావాల్సింది అంపైర్ కాదు. శ్రీకాంత్ నన్ను మోసం చేశాడా లేదా అన్నదే నా బాధ. రెండున్నరేళ్లు నేను గెలవనంత కాలం వాడి కాల్ మీద నాకు అనుమానం రాలేదు. గెలిచే పాయింటు దగ్గర వచ్చింది. తప్పు వాడిదో నాదో తేల్చుకోలేక తల బరువెక్కింది.

గదిలో వాడు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మా రెండు మంచాల మధ్య వాళ్లమ్మ పంపిన సకినాల డబ్బా ఉంటుంది. రోజూ పడుకునే ముందు తలా రెండు తింటాం. నువ్వులూ వామూ వాసన గదంతా పడుతుంది. ఆ రాత్రి ఎవరూ మూత తీయలేదు.

లైటు తీసేశాక ఆ పాయింటును మళ్లీ మళ్లీ ఆడాను. సర్వీసు, సున్నం, నా భుజం తిరగడం, బంతి నెట్ దాటడం. ఏడోసారో ఎనిమిదోసారో అనుకుంటాను, నా గొంతు నాకే వినిపించింది. బంతి నేననుకున్నదానికంటే బయటికి పోతోందనిపించిన క్షణంలో, నేను "అయ్యో" అన్నాను. పెద్దగా కాదు, కానీ అన్నాను. తరువాత అది లోపలికి తిరిగి గీత మీద దిగినట్టు కనిపించింది. కనిపించిందా, కనిపించాలనుకున్నానా?

లేచి కూర్చున్నాను. "శ్రీకాంత్."

"ఊ." వాడు కూడా నిద్రపోలేదు.

"అన్నానురా. అయ్యో అన్న."

చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత లేచి, చెప్పులు వెతుక్కుంటూ, "పా," అన్నాడు. "చూసొద్దాం. గుర్తు ఉంటది."

పదిన్నర దాటింది. కోర్టు గేటుకు గడియ పెట్టి ఉంది, తాళం లేదు. ఫోన్ టార్చ్ వెలిగించి ఆ మూలకు పోయాం. గుర్తులు లేవు. యాదన్న గోనె పట్టా ఈడ్చి కోర్టంతా సాపు చేశాడు. గీతలు కొంచెం చెదిరినా తెల్లగానే ఉన్నాయి.

ఇద్దరం అక్కడే నిలబడ్డాం. చెరువు మీద గాలి చల్లగా ఉంది.

"నువ్వు అటు పో," అన్నాడు వాడు. "నీ జాగాల నిలబడు."

నేను అవతలి చివరకు పోయి, రిటర్న్ కొట్టిన చోట నిలబడ్డాను. వాడు టార్చ్ మట్టి మీద పెట్టి, బంతిని గీత దగ్గర ఉంచాడు. "ఇన్నా, ఔటా?"

కళ్లు చిట్లించాను. బంతి తెలుపులో కలిసే ఉంది.

"ఇన్."

"రెండు వేళ్లు బయట ఉంది."

దగ్గరికి వచ్చి చూశాను. నిజమే. బంతికీ సున్నానికీ మధ్య నా రెండు వేళ్లు పట్టాయి.

"ఇప్పుడు నువ్వు," అన్నాను. "మధ్యల నుంచి ఉరుకు. ఇందాకటి లెక్క."

వాడు కోర్టు మధ్యకు పోయాడు. నేను గీత పక్కన నిలబడి, వాడు కదలగానే బంతిని మూలకు విసిరాను. వాడు చెయ్యి చాచి ఉరికాడు. బంతి వాడి కాళ్ల ముందు పడి జాలి వైపు దొర్లింది. వాడు రెండడుగులు ముందుకు తూలి ఆగాడు.

"చెప్పు. ఇన్నా, ఔటా?"

టార్చ్ వెలుగులో వాడి ఛాతీ ఎగిసిపడుతోంది. జాలి దగ్గర బంతినీ, గీతనూ, నన్నూ చూశాడు.

"కనపడలే," అన్నాడు. "ఇప్పుడూ కనపడలే, అప్పుడూ కనపడలే. నీ గొంతు ఇని ఔట్ అన్న. చూడనోడు ఔట్ అనద్దు. పాయింట్ నీదే."

"నాకు కూడ తెల్వదు కదరా, అది ఇన్నో ఔటో."

"తెల్వకుంటెనే నీది. అనుమానం ఉంటే ఎదుటోనికి ఇయ్యాలె. మొదటి ఏడాది నీకు ఏం చెప్పిన?"

వాడు వెళ్లి జాలి దగ్గర బంతి తీసి, సున్నం మరక ఉన్న వైపు పైకి తిప్పి నా చేతిలో పెట్టాడు.

"7-5," అన్నాడు. "రేపు సర్వీసు నీదే. చీకటి పడకముందే వద్దాం."

గదికి వచ్చాక సకినాల డబ్బా మూత వాడే తీశాడు.