సోలార్ రెఫరల్ పని: కమిషన్ ఎంత, ఎప్పుడిస్తాం, నిజంగా ఎంత మిగులుతుంది

నమస్తే అండీ,

నేను చెంగల్రాయులు, తిరుపతి రేణిగుంట రోడ్డులో ఇళ్ల మీద సోలార్ పెట్టే షాపు నాది. మీలో కొందరి ఇంటి మీద మేమే ప్యానెళ్లు బిగించాం, మిగిలినవాళ్లు మా దగ్గర వైరూ స్విచ్చులూ కొనే ఎలక్ట్రీషియన్లు, ఇళ్లు కట్టే మేస్త్రీలు. మీ మెయిల్ ఐడీ మా బిల్లు పుస్తకంలోదే, బయట ఎక్కడా కొనలేదు. ఇలాంటి మెయిల్స్ వద్దనుకుంటే "వద్దు" అని ఒక్క మాట రిప్లై ఇవ్వండి, ఇంకెప్పుడూ పంపను.

విషయానికొస్తే, సోలార్ పెట్టించుకునే ఇళ్లను మాకు చూపించే మనుషులు కావాలి. ఇది ఉద్యోగం కాదు, జీతం లేదు, టార్గెట్ లేదు. చేరడానికి మీరు ఒక్క రూపాయి కట్టక్కర్లేదు, డిపాజిట్టు లేదు, కిట్టు కొనమని అడగం. మీ కింద ఇంకొకరిని చేర్చితే వాళ్ల పనిలో మీకు వాటా వస్తుందనే పద్ధతి కూడా మా దగ్గర లేదు, ఎందుకంటే దాన్ని నేను నమ్మను. ఇల్లు చూపించినవాళ్లకే డబ్బు.

కమిషన్ కిలోవాట్‌కు 1,200 రూపాయలు. రెండు కిలోవాట్లయితే 2,400, మూడయితే 3,600, ఐదయితే 6,000. పది కిలోవాట్ల వరకు ఇదే లెక్క, అంతకన్నా పెద్ద పని అయితే మొదలవ్వకముందే మీతో మాట్లాడి ఎంతో కాగితం మీద రాసిస్తాను. ఈ డబ్బు మా లాభంలోంచి ఇచ్చేది, కస్టమర్ రేటు మీద కలిపేది కాదు, అందుకే మీరు కూడా వాళ్ల దగ్గర చాయ్ ఖర్చులకని కూడా ఏమీ తీసుకోకూడదు. తీసుకున్నారని తెలిస్తే ఆ రోజుతో పని ఆపేస్తాం. అప్పటికి పూర్తయిన ఇళ్ల కమిషన్ మాత్రం ఇచ్చేస్తాం, అది మీ కష్టార్జితం.

డబ్బు ఎప్పుడు అనేది అందరూ అడుగుతారు. నెట్ మీటర్ బిగించి, కస్టమర్ మాకివ్వాల్సింది పూర్తిగా ఇచ్చాక ఏడు పని దినాల్లోపు మీ బ్యాంకు ఖాతాలో వేస్తాం. కేంద్రం సబ్సిడీ నేరుగా కస్టమర్ ఖాతాకే పోతుంది, కాబట్టి అది ఆలస్యమైనా మీ కమిషన్ ఆగదు. కానీ ఇల్లు చూపించిన రోజు నుంచి మీటర్ పడేవరకు రెండు మూడు నెలలు పట్టొచ్చు: పోర్టల్లో అప్లికేషన్, బ్యాంకు లోను, బిగింపు, ఎస్పీడీసీఎల్ వాళ్ల తనిఖీ, మీటర్. మధ్యలో కస్టమర్ వద్దనుకుంటే కమిషన్ ఉండదు, ఇది ముందే తెలుసుకోండి.

ఒకే ఇంటిని ఇద్దరు చెబితే ఎవరి మెసేజ్ ముందు వచ్చిందో వాళ్లదే. పేరు, ఊరు, కరెంటు సర్వీస్ నంబరు పంపిన రెండు రోజుల్లో "ఇది మీదే" అనో "ఇప్పటికే మా లిస్టులో ఉంది" అనో జవాబిస్తాం. మీదైతే 90 రోజులు మీ పేరు మీదే ఉంటుంది. ఆలోపు వాళ్లు నేరుగా షాపుకొచ్చి మాట్లాడుకున్నా కమిషన్ మీకే. నంబరు పంపే ముందు మాత్రం ఆ ఇంటివాళ్లను అడగండి, అడక్కుండా వచ్చిన నంబర్లకు మేం ఫోన్ చేయం.

ఇక సంపాదన. "నెలకు యాభై వేలు, ఇంట్లో కూర్చుని" అని వాట్సాప్‌లో తిరిగే ప్రకటనలు మీరూ చూసే ఉంటారు. ఇక్కడ అలా రాదు. మొదటి రెండు మూడు నెలలు చేతికి ఏమీ రాకపోవచ్చు, పైన చెప్పిన ఆలస్యమే కారణం. నెలకు ఐదారు ఇళ్లతో ఓపిగ్గా మాట్లాడితే ఒకటి ఖరారు కావడమే మంచి నెల, ఏమీ కాని నెలలూ ఉంటాయి. ఏడాదిలో మూడు కిలోవాట్ల ఇళ్లు ఎనిమిది పూర్తయితే 28,800. ఏడాది కమిషన్ 20,000 దాటితే మొత్తం మీద 2 శాతం టీడీఎస్ కోసి మీ పాన్ మీద కడతాం, అంటే ఇందులో 576 పోయి 28,224 చేతికొస్తుంది. పాన్ ఇవ్వకపోతే 20 శాతం కోయాల్సి వస్తుంది, కాబట్టి మొదటే ఇవ్వండి. పెట్రోలు, ఫోను ఖర్చు మీదే. వేసవిలో ఏసీ బిల్లులు చూసి జనం వాళ్లే అడుగుతారు, నవంబరు, డిసెంబరు వానల్లో మేడ మీద పని సాగదు, అందుకని నెలనెలా ఒకే లెక్క రాదు. ఉన్న పని మానేసి ఇందులోకి రావద్దని గట్టిగా చెబుతున్నాను, అప్పు వాయిదాలు దీన్ని నమ్ముకుని పెట్టుకోవద్దు. రోజూ ఎలాగూ ఇళ్లకు వెళ్లే ఎలక్ట్రీషియన్లకు, మేస్త్రీలకు ఇది బాగా కలిసొస్తుంది, పనిగట్టుకుని గడప గడపా తిరిగేవాళ్లకు పెట్రోలుకే సరిపోతుంది.

ఎవరికి చెప్పాలి అంటే, నెల బిల్లు 1,500 పైన వచ్చే సొంత ఇల్లు, ఎండ పడే మేడ. కిలోవాట్‌కు సుమారు వంద చదరపు అడుగుల నీడ లేని చోటు కావాలి, పక్కన కొబ్బరిచెట్టో పక్కింటి మూడో అంతస్తో ఉంటే ఫోటో తీసి పంపండి, మేం చూసి చెబుతాం. బిల్లు నాలుగైదు వందలే వచ్చేవాళ్లను బలవంతం చేయొద్దు, వాళ్లకు గిట్టదు. ముఖ్యంగా చూడాల్సింది కరెంటు బిల్లు ఎవరి పేరు మీద ఉందో. చనిపోయిన నాన్న పేరు మీదో, ఇల్లు అమ్మినవాళ్ల పేరు మీదో ఉన్న మీటర్లు మన ఊళ్లలో చాలా ఉన్నాయి, ముందు పేరు మార్చుకుంటే గానీ ఫైలు కదలదు.

పీఎం సూర్యఘర్ పథకంలో మొదటి రెండు కిలోవాట్లకు ఒక్కోదానికి 30,000, మూడోదానికి 18,000, మొత్తం 78,000కు మించి సబ్సిడీ రాదు, అదీ ఇళ్లకు మాత్రమే. నగరి, పుత్తూరులో మగ్గాల షెడ్లకు ఇది వర్తించదు, అక్కడ సబ్సిడీ మాట ఎత్తొద్దు. మా మూడు కిలోవాట్ల రేటు 1,95,000, సబ్సిడీ వచ్చాక కస్టమర్‌కు పడేది 1,17,000. కిలోవాట్ రోజుకు సుమారు నాలుగు యూనిట్లు ఇస్తుంది, మబ్బు రోజుల్లో తగ్గుతుంది. "బిల్లు జీరో వస్తుందా అన్నా?" అని అడిగితే అవునని చెప్పొద్దు, వాడకాన్ని బట్టి బాగా తగ్గుతుందని చెప్పండి, ఫిక్స్‌డ్ చార్జీలు ఎలాగూ ఉంటాయి. గవర్నమెంటు మనిషినని, ఎస్పీడీసీఎల్ నుంచి వచ్చానని ఎట్టి పరిస్థితుల్లోనూ అనొద్దు. ఆ మాటతో ఒప్పుకున్న ఇల్లు మాకొద్దు.

ప్రస్తుతానికి తిరుపతి, చంద్రగిరి, రేణిగుంట, శ్రీకాళహస్తి, పుత్తూరు, నగరి, పాకాల, చిత్తూరు టౌను వరకే చేస్తున్నాం. పలమనేరు, కుప్పం వైపు రిపేరుకు త్వరగా వెళ్లలేం, అందుకే అటు తీసుకోవడం లేదు.

ఇష్టమైతే ఈ మెయిల్‌కే మీ పేరు, ఊరు, ఇప్పుడు చేస్తున్న పని రాసి పంపండి. పైన చెప్పినవన్నీ రెండు పేజీల ఒప్పంద పత్రంలో తెలుగులోనే ఉంటాయి, మీకు పంపిస్తాను, ఇంట్లోవాళ్లకు కూడా చూపించి చదివాకే సంతకం పెట్టండి, తొందరేం లేదు. ఎప్పుడైనా మానేయొచ్చు, అప్పటికే మీరు చూపించిన ఇళ్ల కమిషన్ మానేశాక కూడా వస్తుంది. వచ్చే ఆదివారం ఉదయం 10 గంటలకు షాపు దగ్గర ఉంటాను, డౌట్లు ఉన్నవాళ్లు నేరుగా వచ్చి అడగొచ్చు. ప్యానెల్, ఇన్వర్టర్, పాత బిల్లులు అన్నీ అక్కడే చూపిస్తాను.

ఉంటానండీ,
చెంగల్రాయులు
రేణిగుంట రోడ్డు, తిరుపతి