తోక విను

బెంగళూరులో మైసూరు రోడ్డు పక్కన న్యూ టింబర్ యార్డ్ లేఅవుట్‌లోకి అడుగుపెడితే ముందు ముక్కుకే తెలుస్తుంది. టేకుపొట్టు వాసన, దాని మీద రాత్రి కురిసిన వాన వాసన. రంపం మిషన్ మొదలైతే మాట వినబడదు. పెద్దాచారికి అసలే సగం చెవుడు. ముప్పయ్యేళ్లు ఆ మిషన్ల పక్కనే నిలబడి పని చేశాడు మరి.

ఆయనది పలమనేరు వైపు. నేను ఆయన దగ్గర చేరి ఎనిమిది నెలలు. అప్పటిదాకా నాకు అబ్బింది చిత్రిక పట్టడం, ఉలి నూరడం, టీ తేవడం. కట్టె ఏరడానికి తీసుకెళ్లడం అదే మొదటిసారి.

విజయనగరంలో కట్టే ఇంటికి రెండు ద్వారబంధాలు చేయాలి. నాలుగు నిలువులు కావాలి. ఐదంగుళాల వెడల్పు, మూడంగుళాల మందం. సేటు మనుషులు ఎనిమిదడుగుల టేకు కట్టెలు ఆరు తెచ్చి వరసగా పడేశారు.

"అన్నీ సీజన్ అయినవే ఆచారీ" అన్నాడు సేటు. జేబులోంచి తేమ చూసే మీటర్ తీసి ఒకదానికి గుచ్చాడు. 11 చూపించింది. ఇంకోదానికి గుచ్చాడు. 12.

"మంచిదే కదా తాతా" అన్నాను.

"దాని సూదులు ఎంత లోతు దిగినాయి?"

చూశాను. పావంగుళం కూడా లేదు.

"మూడంగుళాల కట్టెకి పావంగుళం అడిగితే ఏం చెప్తుంది? ఇంటి సంగతి వాకిట్లో నిలబడి అడిగినట్టు. ఎత్తు, మొదలు ఎత్తి చూడు."

ఒక్కొక్కటీ ఎత్తాను. నాలుగు ఒకేలా ఉన్నాయి. ఐదోది ఎత్తేసరికి నడుము పట్టింది. చేతికి గట్టిగా, నమ్మకంగా ఉంది. మా ఊళ్లో బరువున్న కట్టే మంచి కట్టె అంటారు. అదే ఆయనతో అన్నాను.

"చేవ బరువు వేరు, నీళ్ల బరువు వేరురా. ఆరిన టేకు ఘనపుటడుగు 18, 19 కిలోలు తూగుతుంది. ఇదెన్ని అడుగులు?"

వేళ్ల మీద లెక్క వేశాను. ఐదు మూళ్లు పదిహేను, ఎనిమిదితో హెచ్చిస్తే నూట ఇరవై, నూట నలభై నాలుగుతో భాగిస్తే ఒక అడుగుకి కొంచెం తక్కువ. అంటే 15, 16 కిలోలు ఉండాలి. సేటు దగ్గర కొక్కెం తక్కెడ అడిగి వేలాడదీశాం. నాలుగు కట్టెలు 15కీ 16కీ మధ్య తూగాయి. నా నమ్మకపు కట్టె 19 దాటింది. ఆరోది 14కి కొంచెం పైన ఆగింది.

ఆరోదాన్ని ఆయన ఒక అంచు నుంచి ఇంకో అంచుకి నిమిరాడు. "ఇది ఎందుకు తేలికో చెప్పు?"

వెలుతురులోకి తిప్పితే ఒక పక్క రెండు వేళ్ల మేర లేతగా, గడ్డి రంగులో ఉంది. చేవ కాదు, తెల్లకట్టె. మీద ఏదో టీ డికాక్షన్ రంగు రుద్దారు కానీ మూలల్లో దిగలేదు. చెదకీ పురుగుకీ మొదటి భోజనం అదే. దాన్ని పక్కకి నెట్టేశాం. సేటు మాట్లాడలేదు.

ఇక చప్పుడు. నేను ఒక కట్టె కొస పట్టుకుని వేలి కణుపులతో కొట్టాను. టక్.

"అట్లా కొడితే ఎండిందీ మూగదే. కింద పెట్టు, నేల మీద కాదు." రెండు గోనెసంచులు చుట్టి ఇచ్చాడు. "కొస నుంచి రెండడుగులకి రెండంగుళాలు తక్కువగా ఒకటి, అటు పక్కా అంతే. కట్టెని వాటి మీద పడుకోబెట్టు. ఇప్పుడు నడిమధ్య కొట్టు."

కొయ్యసుత్తితో కొట్టాను. కంగుమంది. నిజంగా నవ్వొచ్చింది నాకు. ఇందాక టక్కుమన్న కట్టే అది. ఆ రెండు చోట్ల కట్టె ఊగదట. మిగతా చోట ఎక్కడ ఆనినా ఊపు చచ్చి చప్పుడు చచ్చిపోతుందట. ఎవరు నేర్పారని అడిగితే ఏమీ అనలేదు.

"తల వినొద్దు, తోక విను" అన్నాడు. "కొట్టగానే వచ్చేది సుత్తి చప్పుడు. తర్వాత మిగిలేది కట్టె చప్పుడు. ఎంత సేపు నిలిచిందో చెప్పు."

ఆయన కొస మీద అరచెయ్యి ఆనీ ఆనకుండా పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. అప్పుడు అర్థమైంది. ఆయన వింటున్నది చెవితో కాదు.

మొదటిది, రెండోది, మూడోది కంగుమని, ఆ కంగులోనే సన్నగా సాగి ఆగాయి. 19 కిలోలది కంగుమనే మొదలైంది కానీ సగంలో ఎవరో నోరు మూసినట్టు ఆగిపోయింది.

"పై పెంకు ఎండింది, లోపల పచ్చి" అన్నాడు. "సేటూ, దీన్ని అడుగు మేర కోయించు. మాకు ఏడడుగులే కావాలి, నష్టం లేదు. కొస దగ్గర కోయొద్దు, కొసలు ఎప్పుడూ ముందే ఆరతాయి."

సేటు గొణిగి కోయించాడు. కొత్త కోతని ఆచారి నా చెంపకి ఆనించాడు. చల్లగా, ఇప్పుడే కడిగిన పళ్లెంలా ఉంది. సేటే మీటర్ గుచ్చాడు, నడిమధ్యన. 40 దాటింది. మీటర్ని ఒకసారి దులిపి మళ్లీ గుచ్చాడు.

ఇంకో నాలుగు ఉన్నాయి, మాకు కావలసినవీ నాలుగే. ఆచారి వాటి పోగు చూపించాడు. కోసిన కొసలో వలయాలు నిలువుగా దిగితే ఆ కట్టె పెద్దగా కదలదు. పడుకున్నట్టుంటే వంగిన వలయం తిన్నబడాలని చూస్తుంది, పలక దొన్నెలా లేస్తుంది. తర్వాత చాకు మొనతో అంచు మీద ఒక పేలిక లేపి లాగాడు. పేలిక అంచు వెంబడే పోతే పోగు తిన్నది. పక్కకి పారిపోతే వాలుపోగు. రంపం ఎంత తిన్నగా కోసినా పేలికకి మాత్రం దాని దారే. నాలుగూ తిన్నగానే వచ్చాయి.

ఆయన నాలుగోదాని మీద చెయ్యి పెట్టి ఇంకోసారి కొట్టించాడు. "బాగుంది. కట్టించేద్దాం."

నాకు బాగాలేదు. చెప్పాలా వద్దా అని ఆలోచిస్తూ మళ్లీ కొట్టాను. కంగు ఉంది, తోకా ఉంది. ఆ తోకలో సన్నగా జీర. డబ్బాలో ఒక్క పప్పుగింజ కదిలినట్టు.

"తాతా, చీమ తిరిగినట్టుంది లోపల."

"నాకేం తెలీలేదే" అని చెయ్యి మార్చి పెట్టాడు. "కొట్టు." కొట్టాను. తల అడ్డంగా ఊపాడు. ఆయన మొహంలో కోపం లేదు. అరచేతిని ఒకసారి చూసుకుని పంచెకి తుడుచుకున్నాడంతే.

కట్టె తిప్పి అంగుళం అంగుళం గోరు గీశాను. ముడి పక్కన ఒకచోట గోరు జారింది. అక్కడ మైనం, దాని కింద రంపంపొట్టు. చాకుతో గీరితే వలయం వెంబడి విచ్చుకున్న చీలిక బయటపడింది. పోస్టుకార్డు దూరేంత సందు, జానెడు పొడవు.

"ఇది నాకు తెలీదు, దుంగలోనే ఉందేమో" అన్నాడు సేటు.

ఆచారి సుద్దతో దాని మీద అడ్డంగా గీత గీశాడు. బదులు ఇంకో రెండు కట్టెలు తెప్పించి నన్నే కొట్టమన్నాడు. తను కొంచెం దూరంగా దుంగ మీద కూచుని బీడీ ముట్టించుకున్నాడు. మొదటిదానికి నేను తల ఊపాను. ఈసారి వచ్చి చెయ్యి పెట్టి చూడలేదు.

సేటు బిల్లు పుస్తకం పట్టుకుని ఆయన దగ్గరికి పోయాడు. "సరే ఆచారీ, నాలుగు తేలాయి కదా, రేటు చూద్దాం."

"నాకు వినబడదు సేటూ" అని పొగ వదిలి, గడ్డంతో నా వైపు చూపించాడు. "వాడితో మాట్లాడు."