రమణ గారి సమీక్ష మీద నా మాట: రైలూ, మేనత్త చావూ ఒకే మధ్యాహ్నం

రమణ గారూ, నమస్తే.

సత్యజిత్ రాయ్ సినిమా 'పథేర్ పాంచాలి' మీద మీ సమీక్ష రెండుసార్లు చదివాను. దాని కింద మన వాళ్ల మాటలు కాస్త వేడెక్కాయి. "నవల సరిగ్గా చదవనివాళ్లే సినిమాను తక్కువ చేస్తారు" అన్న మాట మీకు తగలాల్సింది కాదు. విభూతిభూషణ్ నవలను మీరు ఎంత ప్రేమగా చదివారో సమీక్షలో ప్రతి పేరాలోనూ తెలుస్తోంది. అసలు ఆ ప్రేమ వల్లే సినిమా మీకు చిన్నబోయింది. నేను మీతో ఏకీభవించలేకపోతున్నాను, కానీ సినిమాగా మారేసరికి నవల్లోంచి ఏం పోయిందని మీరు అడిగిన ప్రశ్న మంచిది.

ముందు మీరు చెప్పినదాంట్లో నిజం. నవల్లో కర్ణుడి రథచక్రం భూమిలో దిగబడిన ఘట్టం అపును ఎంతలా పట్టి కుదిపేస్తుందో, ఆ పిల్లాడి లోపలి లోకం ఎంత పెద్దదో సినిమాలో అంతగా కనిపించదు. కెమెరా అతని కళ్లను చూపించగలదు, ఆ కళ్ల వెనక నడుస్తున్న యుద్ధాన్ని కాదు. ఇక్కడ నవలదే పైచేయి, ఒప్పుకుంటాను.

"చివరి భాగాన్ని కోసేశారు" అన్నదాంతో మాత్రం ఇబ్బంది ఉంది. నవల మూడు భాగాలు. సినిమా రెండో భాగంతో, కుటుంబం ఎడ్లబండి ఎక్కడంతో ఆగుతుంది. మూడో భాగంలోని కాశీ కథ మాయం కాలేదు, 1956లో వచ్చిన తరువాయి సినిమా 'అపరాజితో' అక్కడే మొదలవుతుంది. కాబట్టి 1955 సినిమాకు ఆ లోటు అంటగట్టడం న్యాయం కాదనిపిస్తుంది.

నాకు ముఖ్యమైన విషయం వేరే. "ముసలామె చావును ఇష్టం వచ్చినట్టు జరిపారు" అని రాశారు. నిజమే, జరిపారు. నవల్లో ఆ మేనత్త ఇందిర్ ఠాకురుణ్ అపు పసిగుడ్డుగా ఉండగానే పోతుంది. సత్యజిత్ రాయ్ ఆమెను అపు ఊహ తెలిసేదాకా బతికించి, ఎక్కడ చంపారో చూడండి. అక్క దుర్గా, తమ్ముడు అపూ పోట్లాడుకుని రెల్లుపొదల్లోకి పరుగెత్తుతారు. టెలిగ్రాఫ్ స్తంభం హోరు వింటారు. రైలొస్తుంది. తిరుగుదారిలో వెదురుతోపులో మేనత్త కూర్చుని కనబడుతుంది. దుర్గ ఆటగా కదిపితే ఒరిగిపోతుంది. చెంబు దొర్లుకుంటూ వెళ్లి నీళ్లలో పడుతుంది. పిల్లలు జీవితంలో చూసిన అతి పెద్ద వింతా, మొదటి చావూ ఒకే మధ్యాహ్నం. నవల వందల పేజీల తీరికతో చేసే పనిని సినిమా ఈ కుట్టుతో చేసింది. ఆమెను నవల్లోలాగే మొదట్లోనే పోనిస్తే ఆ చావు అపు బాల్యంలోకి వచ్చేదే కాదు.

రైలు సంగతీ అంతే. నవల్లో దుర్గ రైలు చూడనే చూడదు, జ్వరంలో పడుకుని రైలు చూపించమని తమ్ముణ్ణి అడుగుతుంది. సినిమాలో "ఇద్దరికీ చూపించేసి ఆ బాధను పోగొట్టారు" అన్నారు మీరు. ఆ దృశ్యం మళ్లీ చూడండి. పరుగులో దుర్గ పడిపోతుంది. కట్ట ఎక్కి రైలు దగ్గరికి చేరేది అపు ఒక్కడే. నవల్లోని వెలితి పోలేదండీ, ఒక్క తొట్రుపాటులో దాక్కుంది. తొందరగా చూస్తే జారిపోతుంది, అందుకే మిమ్మల్ని తప్పుపట్టలేను.

తండ్రి హరిహర్ ఊరి నుంచి తిరిగొచ్చే ఘట్టం సంగీతం "అతి" అన్నారు. దుర్గ చనిపోయిందని తెలియక అతను ఆమెకు తెచ్చిన చీర చేతికివ్వగానే తల్లి సర్వజయ దాన్ని నోటికి అదుముకుంటుంది. ఆమె ఏడుపు మనకు వినిపించదు, ఆ చోటును తార్ షెహనాయి అనే తీగవాద్యం పైస్థాయి స్వరం ఆక్రమిస్తుంది. ఏడుపు మీద సంగీతం కలిపి ఉంటే మీ మాటే సరయ్యేది. ఇక్కడ సంగీతం ఏడుపుకు తోడు కాదు, సంగీతమే ఏడుపు. ఒకసారి ధ్వని పూర్తిగా ఆపేసి ఆ కాసేపూ చూడండి, తర్వాత ధ్వనితో చూడండి. తేడా చెవికంటే ముందు గుండెకు తెలుస్తుంది.

వచ్చే ఆదివారం కూర్చున్నప్పుడు "ఏం పోయింది" అన్న జాబితా పక్కన పెట్టి ఒక్క ఘట్టం తీసుకుందామా? దుర్గ దొంగిలించిన వస్తువు అపుకు దొరికే చోటు. నవల్లో అది బంగారు కుంకుమ భరిణె, అపు వెదురుపొదల్లోకి విసిరేస్తాడు. సినిమాలో పూసల దండ, చెరువులో పడుతుంది. నీటి మీది నాచు విడిపోయి, మెల్లగా మళ్లీ మూసుకుంటుంది. ముందు ఆ పేజీలు మీరే పైకి చదవండి, మీరు చదివితే వినబుద్ధవుతుంది. తర్వాత దృశ్యం వేద్దాం. వెదురుతోపే బాగుందని మీరు ఒప్పించినా నాకు సంతోషమే.

ప్రేమతో,
సుజాత